అమెరికా యాస అమ్మేవాళ్లకు ఒక్క రూపాయి కట్టకండి

మిర్యాలగూడ నుంచి కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి వచ్చిన ఒక బీకామ్ అమ్మాయి నోరు తెరిచిన మొదటి నిమిషంలోనే నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆమెకు ఆ మాటతీరు నేర్పి డబ్బు తీసుకున్నవాళ్ల మీద. ‘వాటర్’ అనాల్సిన చోట ‘వాడర్’ అంటోంది. ప్రతి ‘ర’ దగ్గరా నాలుక మడుస్తోంది. వాక్యానికొక ‘వానా’, వాక్యానికొక ‘గానా’. మీ ఊరి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారని ఇంగ్లీషులో అడిగితే, బట్టీపట్టిన స్వపరిచయం అందుకుంది. నా ప్రశ్న ఆమె చెవికి చేరనే లేదు. ధ్యాసంతా నాలుక మీదే ఉంది.

పదకొండేళ్లు ఈ పనిలో ఉన్నాను. మొదట హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకున్నాను. తర్వాత ఇతరుల కాల్స్ విని మార్కులు వేసే క్వాలిటీ పని చేశాను. ఆ తర్వాత ఇంటర్వ్యూ బల్లకు అవతలి పక్క కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో యాస నేర్పుతామని బోర్డులు పెట్టిన చాలా కోచింగ్ సెంటర్లు మన పిల్లల్ని ఉద్యోగానికి దగ్గర చేయడం లేదు, దూరం చేస్తున్నాయి. అంతకుముందు మామూలుగా, అర్థమయ్యేలా మాట్లాడే పిల్లలే అక్కడికి వెళ్లొచ్చాక అర్థం కాకుండా మాట్లాడుతున్నారు.

ఆ అమ్మాయికి నేను ఒక ఉత్తుత్తి కాల్ ఇచ్చాను. నేను కస్టమర్‌ని. నా బిల్లులో 15 డాలర్లు ఎక్కువ పడ్డాయి. ఆమె ఎంతో మర్యాదగా, ఎంతో తియ్యగా, 50 డాలర్లు వెనక్కి ఇప్పిస్తానంది. నేను మళ్లీ ‘ఫిఫ్టీన్’ అన్నాను. ఆమె మళ్లీ ‘ఫిఫ్టీ’ అంది. నిజమైన కాల్‌లో అది 35 డాలర్ల తప్పు. ఆమెను తీసుకోలేకపోయాం. సాయంత్రం కింద టీ కొట్టు దగ్గర కనిపించింది. “మేడమ్, నా యాక్సెంట్ బాగోలేదా?” అని అడిగింది. ఆరు వారాలకు పద్దెనిమిది వేలు కట్టిందట. ఆ డబ్బు వాళ్ల మేనమామ అప్పు తెచ్చి ఇచ్చాడట. తనను ఎందుకు వద్దన్నారో ఆ పిల్లకు అప్పటికీ తెలియదు. ఇంకా యాస గురించే అడిగింది.

అందుకే అసలు పరీక్షలో ఏం చూస్తారో విప్పి చెబుతాను.

కాల్ సెంటర్లు వాడే స్వర పరీక్షల్లో బాగా పేరున్నది పియర్సన్ వాళ్ల వెర్సంట్. మనిషి ఉండడు. హెడ్‌సెట్‌లోంచి గొంతు వినిపిస్తుంది, మనం జవాబు చెబుతాం, యంత్రం మార్కులు వేస్తుంది. అంతా కలిపి పావుగంటకు కాస్త పైన పడుతుంది. తెర మీది వాక్యాలు చదవాలి. విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. చిన్న ప్రశ్నకు ఒకటి రెండు మాటల్లో జవాబివ్వాలి. మూడు ముక్కలుగా విన్న మాటల్ని సరైన వాక్యంగా పేర్చాలి. చిన్న కథ విని తిరిగి చెప్పాలి. చివర అడిగిన ప్రశ్నలకు సొంత అభిప్రాయం చెప్పాలి. మార్కులు నాలుగు గళ్లలో వస్తాయి: వాక్యం మీద పట్టు, పదసంపద, ధారాళత, ఉచ్చారణ. ఈ నాలుగింటిలో అమెరికా యాసకు గడి ఎక్కడుంది? లేదు. ఉచ్చారణ గడి చూసేది మాట స్పష్టంగా ఉందా లేదా అన్నదే.

మన పిల్లలు ఎక్కువగా పడిపోయేది ఉచ్చారణలో కూడా కాదు, విని తిరిగి చెప్పే భాగంలో. వాక్యం ఒక్కసారే వినిపిస్తుంది. మొదట కొన్ని మాటలే ఉంటాయి, పోనుపోను పొడవవుతుంది. మనవాళ్లు ఒక్కో మాటనూ గుర్తుపెట్టుకోబోతారు. ఎనిమిదో మాట దగ్గర మొదటిది జారిపోతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది మాటల్ని కాదు, ముక్కల్ని. ‘నిన్న మేం పంపిన పార్సిల్’ ఒక ముక్క. ‘మీ పాత అడ్రస్‌కు’ ఇంకో ముక్క. ‘చేరింది’ మూడో ముక్క. ఇంగ్లీషులో ఈ ముక్కల వరుస మారుతుంది, మధ్యలో ‘ద’, ‘టు’, ‘ఎట్’ లాంటి చిన్న మాటలు వస్తాయి. తెలుగులో వాటికి విడి మాటలు లేవు, విభక్తుల్లో కలిసిపోతాయి. కాబట్టి తిరిగి చెప్పేటప్పుడు మన నోరు సరిగ్గా వాటినే మింగేస్తుంది. వాక్యం మీద పట్టు అనే గడిలో మార్కులు అక్కడే రాలిపోతాయి. దీనికి మందు ఖరీదైంది కాదు. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు ఫోన్లో పెట్టండి. ఒక వాక్యం విని ఆపండి. తిరిగి చెప్పి రికార్డు చేయండి. రెండూ పక్కపక్కన వినండి. ఏ చిన్న మాట పోయిందో మీ చెవే చెబుతుంది. రోజుకు ఇరవై వాక్యాలు చాలు.

ఇంకో సంగతి, ఏ క్లాసులోనూ చెప్పనిది. బీప్ వినబడకముందే మాట మొదలుపెడితే మొదటి మాట రికార్డు కాదు. మైకు నోటికి మరీ ఎదురుగా ఉంటే ‘ప’, ‘బ’ దగ్గర ఊపిరి తగిలి దబ్‌మని మోగుతుంది, కాబట్టి నోటి పక్కకు కాస్త కిందగా రెండు వేళ్ల దూరంలో పెట్టుకోవాలి. ఇంట్లో కూర్చుని పరీక్ష రాసేవాళ్లు ఫ్యాన్ కట్టేయాలి. వంటింట్లో కుక్కరు లేని వేళ చూసుకోవాలి. గొంతు బాగున్నా, మాట బాగున్నా, ఈ కారణాలతోనే మార్కులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇక మన నోటి సంగతి. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగియాలి. అందుకే హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు మనకు తెలియకుండానే ఒక ‘ఉ’ తగిలిస్తాం. బస్సు, బుక్కు, ఫ్యాను. తెలుగులో మాట్లాడేటప్పుడు అది మన సొంపు, దాన్ని ఎవరూ తప్పనరాదు. ఇంగ్లీషు కాల్‌లో మాత్రం ఆ ‘ఉ’ వల్ల ప్రతి మాటకూ ఒక అక్షరం పెరిగి, అవతలి మనిషికి మాటలు ఎక్కడ విడిపోతున్నాయో తెలియదు. రెండోది, ‘ఎ’తో మొదలయ్యే మాటకు ముందు ‘య’, ‘ఒ’తో మొదలయ్యే మాటకు ముందు ‘వ’ చేరుస్తాం. ‘ఓపెన్’ కాస్తా ‘వోపెన్’ అవుతుంది, ‘ఎమ్’ కాస్తా ‘యెమ్’ అవుతుంది. మూడోది, ‘జీరో’లోని ధ్వని. మనం ‘జ’ అంటాం, నాలుక అంగిలికి తగులుతుంది. అది అలా పలికేది కాదు. పాము బుసలా ‘స్‌స్‌స్’ అనండి, నాలుకను కదపకుండా అక్కడే ఉంచి గొంతు కలపండి. కంఠం మీద వేలు పెడితే అదరడం తెలుస్తుంది. వచ్చే ధ్వని అదే. పది నిమిషాల్లో పట్టుకోవచ్చు, వారంలో అలవాటవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆ మిర్యాలగూడ అమ్మాయిని ముంచిన 15, 50. ‘ఫిఫ్టీన్’లో బరువు చివరి భాగం మీద పడుతుంది, దాన్ని సాగదీసి ‘న్’ దగ్గర ఆపాలి. ‘ఫిఫ్టీ’లో బరువు మొదట పడుతుంది, చివర తేలిపోతుంది. తెలుగులో మాటలోని అక్షరాలన్నిటికీ దాదాపు ఒకే బరువు కాబట్టి మనకు ఈ తేడా చెవికి ఆనదు. 13, 30 నుంచి 19, 90 దాకా ఇదే గండం. ఎంత సాధన చేసినా అనుమానం మిగులుతుంది గనక, కాల్ సెంటర్‌లో అనుభవమున్న ఎవరైనా అంకెల్ని విడదీసి మళ్లీ అడుగుతారు: ‘వన్ ఫైవ్, ఫిఫ్టీన్, కరెక్టేనా?’ అని. ఇది తెలియకపోవడం సిగ్గు కాదు. ఇది నేర్పకుండా ‘వాడర్’ నేర్పి డబ్బు తీసుకోవడం సిగ్గుమాలిన పని.

అక్షరాలదీ ఇదే కథ. ఫోన్లో బి, డి, పి, టి, వి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఎమ్, ఎన్ కూడా అంతే. అందుకే ‘బ్రావో’, ‘డెల్టా’, ‘మైక్’, ‘నవంబర్’ అంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో మాట కట్టిన పట్టిక ఉంది. ఆ ఇరవై ఆరు మాటలు నేర్చుకోవడానికి రెండు సాయంత్రాలు చాలు. మీ పేరు, మీ ఊరి పేరు, మీ ఈమెయిల్ ఆ పట్టికతో తడుముకోకుండా చెప్పగలిగితే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు తలెత్తి చూస్తారు. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ‘డబుల్ ఫోర్’, ‘ట్రిపుల్ నైన్’ అనడం మన అలవాటు. అమెరికా కస్టమర్‌కు అది తికమక. అంకె అంకెగా చెప్పండి.

ఇక్కడ నా తోటివాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. ఇంటర్వ్యూ బల్ల దగ్గర ‘ఎమ్‌టీఐ’ అని మూడు అక్షరాలు రాసి పిల్లల్ని పంపించేస్తారు. మాతృభాష ప్రభావం అని దానర్థం. ఏ ధ్వని, ఏ మాటలో, అవతలివాడికి ఏం అర్థం కాకుండా పోయింది? అది రాయరు. గుంటూరు మాట వినిపిస్తే ఎమ్‌టీఐ, వరంగల్ మాట వినిపిస్తే ఎమ్‌టీఐ. అదే సమయంలో బెంగళూరు కాన్వెంటు మాటలో అర్థం మింగుడుపడకపోయినా అది ‘మంచి కమ్యూనికేషన్’. క్వాలిటీలో కూర్చుని వేల కాల్స్ విన్నదాన్ని. యాస తెలుగుదని కాల్ పెట్టేసిన కస్టమర్ కంటే, తను చెప్పింది ఏజెంటు వినలేదని పెట్టేసిన కస్టమర్లే నాకు ఎక్కువ కనిపించారు. వద్దని పంపించే పిల్లకు కారణం ఒక్క వాక్యంలో చెప్పడం మీ బాధ్యత. ‘మేమే కాల్ చేస్తాం’ అన్నది కారణం కాదు.

టైపింగ్ పరీక్ష గురించి కోచింగ్ సెంటర్లు చెప్పేది ఇంకా ఘోరం. ‘స్పీడు పెంచండి’ అంటారు. అంతే. లెక్క ఎలా కడతారో చెప్పరు. ఆ లెక్కలో ‘మాట’ అంటే ఐదు కీ నొక్కులు, ఖాళీ కూడా ఒక నొక్కే. ఐదు నిమిషాల్లో ఒకబ్బాయి 1000 నొక్కులు నొక్కాడు. అంటే 200 మాటలు, నిమిషానికి 40. బాగుంది కదా అనుకుంటాడు. కానీ 20 మాటల్లో తప్పులు దిద్దకుండా వదిలేశాడు. నిమిషానికి నాలుగు తప్పులు తీసేస్తే నికరం 36. పక్కనే ఒకమ్మాయి 850 నొక్కులు నొక్కింది. 170 మాటలు, నిమిషానికి 34. వదిలిన తప్పులు రెండే, నికరం 33.6. వేగం చూస్తే అబ్బాయే పైన. కానీ ఆ అబ్బాయి పది మాటలకొకటి తప్పు కొట్టాడు, అంటే 90 శాతం ఖచ్చితత్వం. అమ్మాయిది 98 దాటింది. చాట్ ఉద్యోగానికి 95 శాతం గీత పెట్టిన చోట అబ్బాయి ఇంటికి, అమ్మాయి తర్వాతి రౌండుకు. ‘స్పీడు పెంచండి’ అన్న సలహా ఆ అబ్బాయి కొంప ముంచింది.

మన ఊళ్లలో పాత టైపు ఇన్‌స్టిట్యూట్లలో మొదటి పాఠంగా పేజీల కొద్దీ కొట్టించేవాళ్లు గుర్తుందా?

```
asdfgf ;lkjhj
```

ఆ టైపు మాస్టార్లకు ఉన్న తెలివి ఈ ఏసీ గదుల కోచింగ్ సెంటర్లకు లేదు. అక్కడ మొదట వేళ్లకు ఇల్లు చూపించేవాళ్లు, వేగం తర్వాత దానంతటదే వచ్చేది. కీబోర్డు మీద F, J కీలకు చిన్న గీత పొడుచుకుని ఉంటుంది. చూపుడు వేళ్లు చూడకుండానే ఇంటికి రావడానికే అది. ఫోన్లో రెండు బొటనవేళ్లతో మెరుపులా కొట్టే పిల్లలు కీబోర్డు ముందు రెండు వేళ్లతో వెతుక్కుంటున్నారు. ఫోన్ తప్పుల్ని తనే దిద్దుతుంది, పరీక్ష దిద్దదు. పెద్దక్షరానికి క్యాప్స్ లాక్ నొక్కి మళ్లీ నొక్కి రెండు నొక్కులు వృథా చేస్తారు, షిఫ్ట్ వాడరు. సాధన ఇలా చేయండి: మొదటి వారం వేగం చూడొద్దు, కళ్లు తెర మీదే ఉంచండి, తప్పు లేకుండా ఒక పేరా ముగించడమే లక్ష్యం. ఆ తర్వాత అంకెలు, అడ్రస్‌లు, ఈమెయిల్ ఐడీలు కొట్టండి, ఎందుకంటే కాల్‌లో కొట్టేవి కథలు కాదు, అవే. చివరగా ఇంట్లో ఎవరినైనా ఫోన్ నంబర్లు, పేర్లు చదవమని, వింటూ కొట్టండి. వినడం, కొట్టడం కలిపి చేయగలగడమే ఈ ఉద్యోగం.

ఆ అమ్మాయి సంగతికి వస్తాను. టీ కొట్టు దగ్గర నేను ఆమె నంబరు తీసుకున్నాను. మూడు వారాలు సాయంత్రాలు ఫోన్లో మాట్లాడుకున్నాం. మొదటి రోజే చెప్పాను: “ఆ ‘వాడర్’ మర్చిపో తల్లీ. మీ ఊళ్లో అక్కకు దారి చెప్పినట్టు, నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పు.” 150 మాటల పేరా ఒకటి చదవమన్నాను. మామూలుగా నిమిషం పట్టాల్సింది 40 సెకన్లలో చదివేసింది. భయం వేగంగా బయటపడుతుంది, అది యాస లోపం కాదు. కామా దగ్గర ఒక ఊపిరి, ఫుల్‌స్టాప్ దగ్గర రెండు ఊపిరులు తీసుకోమన్నాను. నాలుగు రోజుల్లో నిమిషానికి వచ్చింది.

అసలు కష్టం ఉత్తుత్తి కాల్ దగ్గర వచ్చింది. నేను కోపంగా ఉన్న కస్టమర్‌ని: మిక్సీ జారు పగిలి వచ్చింది, ఇది నా మూడో ఫోను, రేపు ఇంట్లో చుట్టాలు. ఆమె జవాబు: ‘అసౌకర్యానికి క్షమించండి, మీ బాధ నాకు అర్థమైంది, దయచేసి లైన్లో ఉండండి.’ కోచింగ్‌లో బట్టీ పెట్టించిన ఇంగ్లీషు వాక్యాలు, వరుసగా మూడు. నేను ఆపి అడిగాను: “ఏం అర్థమైంది నీకు? నేనేం చెప్పానో నాకు చెప్పు.” చెప్పలేకపోయింది. వినలేదు గనక. ఆ వాక్యాలు ఏ కాల్‌కైనా అతుకుతాయి, కాబట్టి ఏ కాల్‌కూ పనికిరావు. కోపంగా ఉన్న మనిషికి క్షమాపణ వినగానే కోపం తగ్గదు, తన మాట తనకు సరిగ్గా తిరిగి వినిపించినప్పుడు తగ్గుతుంది.

పదో రోజుకు ఆమె ఇలా అంది, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో: “జారు పగిలి వచ్చింది. ఇది మీరు మూడోసారి ఫోన్ చేయడం. మళ్లీ మొదటి నుంచి చెప్పించను మేడమ్, పాత కాల్ నోట్స్ నా ముందున్నాయి. రేపటికి కొత్త జారు చేరదు, అది ముందే చెబుతున్నాను. ఎల్లుండి సాయంత్రంలోగా చేరేలా ఇప్పుడే ఆర్డర్ పెడతాను. లేదా డబ్బు వెనక్కి కావాలంటే అదీ పెడతాను. మీకు ఏది కావాలి?” ఇందులో అమెరికా యాస లేదు, ఒక్క పెద్ద మాట లేదు. విన్నది తిరిగి చెప్పింది, కానిది దాచకుండా చెప్పింది, అయ్యేది ఎప్పటికో చెప్పింది, ఎంచుకునే వీలు కస్టమర్‌కు వదిలింది. స్పష్టమైన కమ్యూనికేషన్ పేరుతో ఇంటర్వ్యూలో వెతికేది ఇదే. ‘నీకు కోపమొచ్చే కస్టమర్ వస్తే ఏం చేస్తావు’ అని అడిగినప్పుడు ‘నాకు చాలా ఓపిక ఉంది’ అన్న జవాబుకు ఎవరూ మార్కులు వేయరు.

వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లింది. స్వర పరీక్ష గట్టెక్కింది. టైపింగ్ 31, తప్పులు లేవు. ఉత్తుత్తి కాల్‌లో అంకెను ‘వన్ ఫైవ్’ అని విడదీసి అడిగింది. ఆమె తెలుగు మాటతీరు ఆమె గొంతులో అలాగే ఉంది. ఇప్పుడు అక్కడే పని చేస్తోంది.

ఆ పద్దెనిమిది వేలు ఆమెకు వెనక్కి రాలేదు.

తమ్ముడూ, చెల్లీ, ఏ కోచింగ్ సెంటర్‌కైనా డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. నా గొంతు రికార్డు చేసి, ఏ మాట అర్థం కాలేదో నాకు వినిపిస్తారా? టైపింగ్‌లో నా తప్పులు లెక్కపెట్టి చూపిస్తారా? వారానికి ఎన్ని ఉత్తుత్తి కాల్స్ నాతో చేయిస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పకుండా గోడ మీది అమెరికా జెండా బొమ్మ చూపిస్తే, లేచి బయటికి వచ్చేయండి. ఉద్యోగం ఇప్పిస్తామని, రిజిస్ట్రేషన్ అని, హెడ్‌సెట్ డిపాజిట్ అని ఇంటర్వ్యూకి ముందే డబ్బడిగేవాళ్ల దగ్గరైతే కూర్చోనే వద్దు.